పని ఒకరిది, పేరు మరొకరిది

హైదరాబాద్‌లో మందుల పంపిణీ చేసే ఒక కంపెనీని ఊహించుకుందాం. ఊరూరా మందుల షాపులకు సరుకు పంపడం, అమ్ముడుపోక గడువు తీరినవి వెనక్కి తీసుకోవడం దాని పని. ఈ మధ్య వెనక్కి వచ్చే సరుకు బాగా పెరిగింది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. లెక్కల విశ్లేషణ చూసే ఒక యువతి మూడు వారాలు కూర్చుని, తిరిగొచ్చిన ప్రతి బ్యాచ్‌కీ మూడు తేదీలు పక్కపక్కన పెట్టింది: డిపోకి వచ్చిన తేదీ, డిపో నుంచి వెళ్లిన తేదీ, గడువు తేదీ. అప్పుడు సంగతి బయటపడింది. ముందుగా గడువు తీరే సరుకును ముందు పంపాలన్నది మందుల వ్యాపారంలో నియమం. ఒక డిపోలో మాత్రం ముందు వచ్చిన సరుకును ముందు పంపేస్తున్నారు. దాంతో ఆలస్యంగా వచ్చినా గడువు దగ్గరపడ్డ బ్యాచ్‌లు అరల్లోనే ఉండిపోతున్నాయి. షాపుకు చేరేసరికి అమ్ముకునే వ్యవధే ఉండటం లేదు.

ఆమె ఒక ఎక్సెల్ షీటు, నాలుగు స్లైడ్లు తయారు చేసి, 12వ తేదీ సోమవారం పక్క సీటు సహోద్యోగికి మెయిల్ చేసింది. ఆయన ఆమె కన్నా మూడేళ్లు సీనియర్. ఆఫీసులో అందరూ పిలిచినట్టే ఆమె కూడా ‘అన్నా’ అనే పిలుస్తుంది. ‘మిగతా డిపోల అంకెలు మీ దగ్గరున్నాయి కదా, ఇందులో కలపండి’ అని అడిగింది. ఆయన కలిపాడు. వారం తిరిగి 19న రివ్యూ మీటింగ్‌లో స్క్రీన్ మీదికి ఎనిమిది స్లైడ్లు వచ్చాయి. రెండో దాని నుంచి ఐదో దాని దాకా ఆమెవే. ‘బ్యాచ్‌ల వారీగా చూశాను సార్, అసలు కారణం దొరికింది’ అన్నాడు ఆయన. ‘మంచి పని చేశావ్’ అన్నాడు మేనేజర్. ఆమె అదే గదిలో ఉంది. ఆమె పేరు మాత్రం ఎక్కడా రాలేదు.

ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసినవాళ్లకు ఇది కొత్త కథేమీ కాదు. ఆ తర్వాత జరిగేది కూడా చాలామందికి తెలిసిందే. కొందరు మింగుకుని ఊరుకుంటారు. కొందరు క్యాంటీన్‌లో నలుగురికీ చెప్పుకుంటారు. కొందరు ఆ కోపంలోనే మేనేజర్‌ని కాపీలో పెట్టి ఘాటైన మెయిల్ కొడతారు. నాలుగో దారి ఒకటుంది. ఆ మనిషితో విడిగా కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పి, ఏం సరిచేయాలో అడగడం. వినడానికి తేలిగ్గా ఉన్నా, దీనికి ముందు చూసుకోవాల్సిన పని చాలా ఉంది.

విడిగానే ఎందుకు? మీటింగ్ మధ్యలో ‘అది నేను చేసింది’ అంటే, ఎదుటివాడికి మిగిలేవి రెండే దారులు: అందరి ముందూ తప్పు ఒప్పుకోవడం, లేదా కాదని వాదించడం. పదిమంది చూస్తుండగా మొదటిది ఎంచుకునేవాళ్లు అరుదు. ఒక్కసారి కాదన్నాక ఆ మాట మీదే నిలబడాల్సి వస్తుంది. అంతకు నిమిషం ముందు మెచ్చుకున్న మేనేజర్ కూడా తన మాట వెనక్కి తీసుకోవాల్సిన ఇబ్బందిలో పడతాడు. నలుగురు లేనిచోట అదే మనిషి ‘అయ్యో, చెప్పాల్సింది’ అని సులువుగా అనగలడు.

ఇంకో కారణం కూడా ఉంది, అదీ బలమైనదే. జరిగిందేమిటో ఆమెకు తెలుసు. ఎందుకు జరిగిందో తెలియదు.

మనిషి తన వాటాను ఎక్కువగా లెక్కేసుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎప్పుడో గమనించారు. 1979లో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటి పనుల్లో ఎవరి వాటా ఎంతో చెప్పమన్నారు. వంట, ఇల్లు సర్దడం లాంటి చాలా పనుల్లో ఇద్దరూ చెప్పిన వాటాలు కలిపితే నూటికి నూరు దాటిపోయింది. విచిత్రం ఏమిటంటే, గొడవలు మొదలుపెట్టడం లాంటి చెడ్డ విషయాల్లోనూ తమ వాటానే ఎక్కువ చెప్పుకునే తీరు కనిపించింది. గొప్పలకు పోవడం ఒక్కటే కారణమైతే అలా జరగదు. తాను చేసింది తనకు బాగా గుర్తుంటుంది, పక్కవాళ్లు చేసింది అంతగా కళ్లముందుకు రాదు అని వాళ్లు దీన్ని వివరించారు. మన ఉదాహరణలోని ఆయన ఆదివారం రాత్రి దాకా కూర్చుని తన డిపోల అంకెలు సరిచేసి ఉండొచ్చు. ఆ రాత్రి ఆయనకు గుర్తుంటుంది. ఆమె మూడు వారాలు ఆయన చూడలేదు.

పక్కవాడి ఆలోచనను తనదేనని నిజంగా నమ్మేయడం కూడా ఉంది. 1989లో అమెరికాలో అలన్ బ్రౌన్, డానా మర్ఫీ ఒక ప్రయోగం చేశారు. కొందరిని గుంపుగా కూర్చోబెట్టి, ఏదో ఒక కోవకు చెందిన పేర్లు వంతులవారీగా చెప్పమన్నారు. తర్వాత ‘మీరు చెప్పినవి మాత్రమే రాయండి, కొత్తవి మరికొన్ని చేర్చండి’ అన్నారు. రాసినవాటిలో పక్కవాళ్లు చెప్పినవి కొన్ని చోటు చేసుకున్నాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. బీటిల్స్ గాయకుడు జార్జ్ హారిసన్ కేసులోనూ ఇలాంటిదే తేలింది. ఆయన ‘మై స్వీట్ లార్డ్’ పాట, అంతకు ముందే వచ్చిన ‘హీ ఈజ్ సో ఫైన్’ పాటకు నకలేనని 1976లో అమెరికా కోర్టు తీర్పు చెప్పింది. అయితే అది తెలిసి చేసింది కాదని, తనకు తెలియకుండానే మనసులోంచి వచ్చిందని కూడా న్యాయమూర్తి అన్నారు. బాధ్యత మాత్రం తప్పలేదు.

ఈ పరిశోధనలను అడ్డం పెట్టుకుని ప్రతిదాన్నీ మరుపు కింద కొట్టేయడం మాత్రం తప్పు. మీటింగ్‌లో ఎవరో అన్న ఆలోచనను నెల తర్వాత తనదిగా చెప్పడం మరుపు కావచ్చు. వారం కిందట మెయిల్‌లో వచ్చిన ఫైలును తెరిచి, అందులోని నాలుగు స్లైడ్లను తన ఫైల్లో అతికించి, ‘నేను చూశాను’ అనడానికి మరుపు సరిపోదు. అందుకే మాట్లాడటానికి ముందు ఆమె తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇది: వెళ్లిపోయింది ఆలోచనా, చేసిన పనా? ఆలోచన అయితే మాట మెత్తగా, ప్రశ్నలా ఉండాలి. పని అయితే సూటిగా ఉండొచ్చు. ఆమె దగ్గర తేదీలు ఉన్నాయి.

ఆ తేదీలు ఎక్కడ దొరుకుతాయి? అన్నిటికన్నా గట్టిది 12వ తేదీన పంపిన మెయిల్. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏ ఫైలు పంపారో అందులో ఉంటుంది. పంపినవారి దగ్గరా అందుకున్నవారి దగ్గరా ఒకేలా ఉంటుంది కాబట్టి వాదనకు చోటుండదు. పవర్‌పాయింట్ ఫైల్లో File > Info తెరిస్తే Author, Last Modified By అని పేర్లు కనిపిస్తాయి. చాలామంది దీన్నే పెద్ద సాక్ష్యం అనుకుంటారు కానీ ఇది అంత నమ్మదగింది కాదు. ఆమె తన స్లైడ్లను ఎవరో పాత ఉద్యోగి చేసిన ఫైలు మీద మొదలుపెట్టి ఉంటే, Author దగ్గర ఆ పాత ఉద్యోగి పేరే ఉంటుంది. గూగుల్ స్లైడ్స్ వాడితే Version history లో ఏ రోజు ఎవరు ఏం మార్చారో వరుసగా కనిపిస్తుంది. అయితే ఎవరైనా ఆ ఫైలుకు కాపీ తీసుకుంటే పాత చరిత్ర కాపీతో పాటు పోదు, అసలు ఫైల్లోనే ఉండిపోతుంది. కాబట్టి అసలు ఫైలును తొలగించకుండా అలాగే ఉంచుకోవాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సాక్ష్యం కోసమని కంపెనీ ఫైళ్లను సొంత జీమెయిల్‌కి పంపుకుంటారు. చాలా కంపెనీల్లో అది నిబంధనలకు విరుద్ధం. న్యాయం అడగాల్సిన మనిషి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. మాట్లాడేటప్పుడు చాటుగా ఫోన్‌లో రికార్డు చేయడమూ అంతే. ఆ సంగతి ఎప్పుడు బయటపడినా, అప్పటిదాకా నడిచిన చర్చంతా వలలా కనిపిస్తుంది.

ఆమెకు కావలసింది ఒక్క కాగితం. మీటింగ్ అయిన రోజే, జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడే, నాలుగు వాక్యాలు రాసుకుంటే చాలు: 12న ఏం పంపింది, 19న ఏ స్లైడ్లు కనిపించాయి, ఆయన అన్న మాట ఏది, గదిలో ఎవరెవరున్నారు. ‘సిగ్గు లేకుండా చెప్పుకున్నాడు’ లాంటివి అందులో ఉండకూడదు. పక్కనే మరో వరుసలో ఆయన చేసిన పని కూడా రాయాలి. ఎనిమిది స్లైడ్లలో నాలుగు ఆయనవి. మిగతా డిపోల అంకెలు ఆయన తెచ్చినవే. ఈ రెండో వరుస రాయకుండా వెళ్లినవాళ్లు చర్చలో మొదటి రెండు నిమిషాల్లోనే తడబడతారు. ఎదుటివాడు ముందుగా ఎత్తేది ఆ విషయాన్నే కాబట్టి.

ఎప్పుడు మాట్లాడాలి? మీటింగ్ ముగిసిన గంటలో వద్దు, గొంతు వణికే సమయం అది. అలాగని నెల ఆగడమూ మంచిది కాదు. ‘ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు’ అన్న ప్రశ్న వస్తుంది. రెండు మూడు రోజుల్లోపు అన్నది మామూలుగా పనికొచ్చే లెక్క. అసలు గడువును నిర్ణయించేది మాత్రం ఆ పని మళ్లీ ఎప్పుడు, ఎక్కడ కనిపించబోతోంది అన్నది. ఇక్కడ 30న నెలాఖరు రిపోర్టు హెడ్డాఫీసుకి వెళ్తుంది. మీటింగ్‌లో పోయిన పేరు కన్నా ఆ రిపోర్టులో పోయే పేరే ఎక్కువ నష్టం, ఎందుకంటే దాన్ని ఎప్పుడూ చూడనివాళ్లు కూడా చదువుతారు. కాబట్టి 21న, బుధవారం మాట్లాడితే సరిచేయడానికి వారం పైనే వ్యవధి ఉంటుంది.

ఈలోగా ఆమె పాటించాల్సిన కఠినమైన నియమం ఒకటుంది, ఎవరికీ చెప్పకపోవడం. కోపం వచ్చినప్పుడు దగ్గరి స్నేహితురాలికైనా చెప్పుకోవాలనిపిస్తుంది. ఇంట్లో చెప్పుకోవచ్చు. ఆఫీసులో చెబితే మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యేలోపే ఆయన చెవిన పడుతుంది. అప్పుడు ఆమె బుధవారం ఎంత మర్యాదగా మాట్లాడినా, ఆయన జవాబు చెప్పేది ఆమె మాటలకు కాదు, మంగళవారం విన్న పుకారుకు.

సమయం అడిగే తీరు కూడా చూసుకోవాలి. ‘మీతో మాట్లాడాలి’ అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి రోజంతా వదిలేస్తే, ఎదుటివాడు సాయంత్రానికి రక్షణకు సిద్ధమై వస్తాడు. విషయం ఏమిటో ఒక్క మాట చెబితే మంచిది. ‘అన్నా, సోమవారం చూపించిన రిటర్న్స్ స్లైడ్ల గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాలి. రేపు నాలుగింటికి చిన్న మీటింగ్ రూమ్ ఖాళీగా ఉంది, వీలవుతుందా?’ ఇందులో ఆరోపణ లేదు, దాపరికమూ లేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లయితే ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడుకోవాలి. చాట్‌లో వద్దు. రాసిన మాటకు గొంతు ఉండదు, స్క్రీన్‌షాట్ మాత్రం ఉంటుంది.

ఇక అసలు మాట. అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే శిక్షణ సంస్థ ఇలాంటి సందర్భాల కోసం ఒక వరుస నేర్పుతుంది: ముందు సందర్భం, తర్వాత ప్రవర్తన, ఆపైన దాని ప్రభావం. ఎప్పుడు, ఎక్కడ జరిగింది, ఆ మనిషి చేసిందేమిటి, అన్నదేమిటి, దానివల్ల ఏమైంది. మనిషి గుణం గురించి, ఉద్దేశం గురించి ఇందులో చోటు లేదు. గదిలో కెమెరా ఉంటే అందులో ఏం కనబడేదో అదే చెప్పాలన్నమాట. కెమెరాలో స్లైడు కనబడుతుంది, మాట వినబడుతుంది. దొంగతనం కనబడదు. అది మనం తీసుకునే నిర్ణయం.

ఆ వరుసలో ఆమె మాట ఇలా ఉండొచ్చు:

‘అన్నా, సోమవారం రివ్యూలో రెండు నుంచి ఐదు దాకా చూపించిన స్లైడ్లు నేను 12న మీకు పంపినవి. మీరు ‘బ్యాచ్‌ల వారీగా చూశాను’ అన్నారు. నా పేరు రాలేదు. ఆ కారణం మీరు కనిపెట్టారనే సార్ అనుకున్నారు. ఆ పని మీద నేను మూడు వారాలు కూర్చున్నాను, అందుకే బాధేసింది. ఆరోజు ఏమైందో మీ వైపు నుంచి వినాలనుంది.’

చెప్పాక ఆగిపోవాలి. చాలామందికి కష్టమయ్యేది ఇక్కడే. నిశ్శబ్దం భరించలేక, ఎదుటివాడు నోరు తెరిచేలోపే ‘పర్లేదు అన్నా, పెద్ద విషయమేం కాదు, ఊరికే అడిగా’ అని తామే చెరిపేస్తారు. మన దగ్గర వయసుకు, సీనియారిటీకి ఇచ్చే మర్యాద ఈ తొందరను ఇంకా పెంచుతుంది. ‘అన్నా’ అని పిలిచిన మనిషిని నిలదీస్తున్నామన్న బెరుకు ఒకటి. ఆ మర్యాద పిలుపులో ఉండాలి, ‘మీరు’ అనడంలో ఉండాలి, గొంతులో ఉండాలి. జరిగిన విషయాన్ని చిన్నది చేసి చెప్పడంలో మాత్రం కాదు. అలాగే పాత లెక్కలు కూడా తీయకూడదు. ‘పోయిన ఏడాది కూడా ఇలాగే చేశారు’ అన్న క్షణంలో చర్చ తేలని విషయం మీదికి జారిపోతుంది, రుజువున్న విషయం పక్కకు పోతుంది.

జవాబుగా వచ్చే మాటలు ఆశ్చర్యం కలిగించేంత కొత్తవేమీ ఉండవు. ‘అవునా? చెప్పాననే అనుకున్నానే’ అంటే సగం పని అయిపోయినట్టే. ఆ మాట నిజమా అబద్ధమా అని తవ్వాల్సిన అవసరం లేదు, నేరుగా సరిచేసే మాటకు వెళ్లొచ్చు. ‘మనమంతా ఒక టీమే కదా, ఎవరు చెబితే ఏంటి?’ అన్నది కొంచెం గడుసు జవాబు. ఇది వినగానే చాలామంది, తాము స్వార్థంగా కనిపిస్తున్నామేమోనని వెనక్కి తగ్గుతారు. తగ్గనక్కర్లేదు. ‘టీమే అన్నా. మీటింగ్‌లో ‘నేను’ అన్న మాట వచ్చింది కాబట్టే అడుగుతున్నా. ‘మేము’ అని ఉంటే ఈ మాటే రాదు’ అంటే చాలు. ఇది వాదన కూడా కాదు, ఆయన అన్న మాటనే గుర్తు చేయడం.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సిన జవాబు మూడోది: ‘నేనూ పని చేశానుగా! డిపోల అంకెలు ఎవరు తెచ్చారు? ఎనిమిది స్లైడ్లు వరుసలో పెట్టి అంతమంది ముందు చెప్పింది ఎవరు?’ ఇందులో నిజముంది. ఆ నిజాన్ని కాదంటే ఆమె కూడా, ఆయన చేసిన తప్పే చేసినట్టవుతుంది. ఆమె రాసుకున్న రెండో వరుస ఇప్పుడు అక్కరకొస్తుంది. ‘అవునన్నా, డిపోల అంకెలు మీరు తేకపోతే ఇది ఒక్క డిపో సంగతిగానే మిగిలేది. ఆరు నుంచి దిగువ స్లైడ్లు మీవే, మొదటిదీ మీదే. నేను అడుగుతున్నది ఆ నాలుగింటి గురించే.’ ఇలా పనిని ముక్కలుగా విడదీస్తే, క్రెడిట్ అంతా ఎవరిది అన్న తేలని ప్రశ్న పోయి, ఏది ఎవరిది అన్న తేలే ప్రశ్న మిగులుతుంది. నాలుగు స్లైడ్ల గురించి ఒప్పుకోవడం ఎదుటివాడికి అంత కష్టం కాదు. మిగతా నాలుగు తనవని ఆమే అన్నాక ఇంకా సులువు.

ఇక అడగాల్సింది ఏమిటన్నది. ‘సారీ చెప్పండి’ అని అడగడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. గదిలో చెప్పిన సారీ గదిలోనే ఉండిపోతుంది, మేనేజర్ మనసులో ఉన్న లెక్క మారదు. ఎవరు, ఎక్కడ, ఎప్పటిలోగా సరిచేయాలో చెప్పగలిగేదే సరైన కోరిక. ‘సార్‌కి మీరే ఒక మాట చెప్పండన్నా, రిటర్న్స్ కారణం కనిపెట్టింది నేనని. 30న వెళ్లే రిపోర్టులో ఆ భాగం కింద నా పేరు, డిపోల భాగం కింద మీ పేరు ఉండాలి.’ సరిచేసే మాట ఆయన నోటి నుంచే రావడం ఇద్దరికీ మేలు. ‘ఆరోజు చెప్పడం మర్చిపోయాను సార్, ఆ బ్యాచ్‌ల పని తనది’ అంటే మేనేజర్ కంటికి ఆయన పెద్దమనిషిగా కనిపిస్తాడు. అదే మాట ఆమె వెళ్లి చెబితే ఫిర్యాదు అవుతుంది.

కాగితం మీద పేరు కోసం ఇంత పట్టుబట్టడం అవసరమా అని అనిపించొచ్చు. భీమవరంలో పుట్టి హార్వర్డ్‌కు వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు సంగతి చూడండి. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రచురించిన పద్ధతి ఫాస్ఫరస్‌ను కొలిచేది. ఇద్దరి పేర్లతో అచ్చయింది కాబట్టి ఈనాటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు దాన్ని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే చదువుకుంటారు. అదే ప్రయోగశాలలో సుబ్బారావు వేరుచేసిన మరికొన్ని పదార్థాలను ఫిస్కే అసూయతో వెలుగు చూడనివ్వలేదని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో అన్నారు. ఒకే ఇద్దరు మనుషులు, ఒకే ప్రయోగశాల. పేరు అచ్చులో ఉన్నచోట పని నిలిచింది, లేనిచోట పనే కనబడకుండా పోయింది.

మాట్లాడుకున్న సాయంత్రమే ఆయనకు మాత్రమే ఒక చిన్న మెయిల్ పంపాలి. మేనేజర్ని కాపీలో పెట్టకూడదు. ‘అన్నా, ఈరోజు మాట్లాడినందుకు థాంక్స్. అనుకున్నట్టే రిపోర్టులో రిటర్న్స్ విశ్లేషణ నా పేరుతో, డిపో వారీ అంకెలు మీ పేరుతో పెడదాం. శుక్రవారంలోగా సార్‌తో మాట్లాడతానన్నారు. డ్రాఫ్టు 28న ఇద్దరం ఒకసారి చూద్దాం.’ ఆఫీసు ఇంగ్లిష్‌లో రాసినా విషయం ఇంతే. జరిగిన గొడవ ఇందులో లేదు, ఒప్పుకున్న పని మాత్రమే ఉంది. శుక్రవారం గడిచిపోతే ‘సార్‌తో మాట్లాడారా అన్నా?’ అని ఒకసారి గుర్తు చేయొచ్చు.

అన్నిసార్లూ ఇలా సాఫీగా నడవదు. కొందరు కాదనేస్తారు, కొందరు ఎదురు తిరుగుతారు. ‘నువ్వు పంపింది చెత్తగా ఉంది, నేనంతా మళ్లీ చేశాను’ అనేవాళ్లూ ఉంటారు. అప్పుడు రెండు ఫైళ్లు పక్కపక్కన తెరిచి చూద్దామనడం కన్నా మంచి మాట లేదు. దానికీ ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేసి, ‘సరే అన్నా, మనిద్దరికీ పొసగలేదు. సార్‌ని అడుగుతాను, మీకు చెప్పే వెళ్తున్నాను’ అని లేవాలి. ఇలా ముందే చెప్పి వెళ్లినప్పుడు వెనకనుంచి పితూరీ చెప్పారన్న నింద రాదు. మేనేజర్ దగ్గర కూడా అదే కాగితం, అవే తేదీలు. 12న మెయిల్ పంపాను, 19న ఈ నాలుగు స్లైడ్లు వచ్చాయి, 21న ఆయనతో మాట్లాడాను, తేలలేదు, 30న రిపోర్టు వెళ్తోంది, పేర్లు ఎలా పెట్టాలో మీరు చెప్పండి. నిర్ణయం అడిగితే మేనేజర్ నిర్ణయం ఇవ్వగలడు. ‘ఆయన ఎలాంటివాడో చూడండి’ అంటే ఆయన చేయగలిగేది ఏమీ ఉండదు.

ఈ దారి అసలు పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. పేరు తీసుకున్న మనిషే అప్రైజల్ రాసే పై అధికారి అయితే, ఒంటరిగా వెళ్లి చెప్పడం వేరే లెక్క. ముందు ఆ సంస్థలో నమ్మదగ్గ మరో పెద్ద మనిషి సలహా తీసుకోవడం మేలు. ఆ మనిషితో తలుపు వేసిన గదిలో కూర్చోవడానికే భయం వేసే పరిస్థితి ఉంటే, వేధింపులు కలిసి ఉంటే, విడిగా మాట్లాడటం అన్న సలహాయే తప్పు. మహిళలపై లైంగిక వేధింపులకు 2013 చట్టం కింద ఏర్పాటైన అంతర్గత కమిటీ ఉంది, మిగతావాటికి హెచ్‌ఆర్ ఉంది. కోర్టు సంగతి కూడా కొందరు అడుగుతారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి తొలి యజమాని కంపెనీయే. అదే చట్టంలోని 57వ సెక్షన్, రచన తనదని చెప్పుకునే హక్కును మాత్రం రచయితకే ఉంచింది. కానీ చట్టం కాపాడేది రాసిన రూపాన్ని, ఆలోచనను కాదు. నాలుగు స్లైడ్ల కోసం కోర్టుకెక్కేవారు ఉండరు, ఎక్కాల్సిన పనీ లేదు.

మాట్లాడుకున్నాక ఇద్దరూ మళ్లీ పక్కపక్క సీట్లలోనే కూర్చోవాలి. అందుకే తర్వాతి పని మొదలయ్యేటప్పుడే అడగాల్సినవి అడగడం నయం. ఫైలు పంపేటప్పుడే మెయిల్‌లో ‘విశ్లేషణ నేను చేశాను, డిపో అంకెలు మీరు కలపండి, మీటింగ్‌లో మొదటి సగం నేను చెబుతాను’ అని ఒక వాక్యం రాస్తే అది ఎవరినీ నొప్పించదు. మీటింగ్‌లో మిగతావాళ్లు చేయగలిగిందీ ఉంది. ఒబామా అధ్యక్షుడిగా ఉన్న తొలి రోజుల్లో వైట్‌హౌస్‌లో ఉన్నత పదవుల్లో మగవాళ్లే ఎక్కువ. అక్కడి మహిళా అధికారులు తమలో తాము ఒక పద్ధతి పెట్టుకున్నారని 2016లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. ఒకరు మంచి ఆలోచన చెబితే, ఇంకొకరు ఆమె పేరు చెప్పి మరీ ఆ మాటను మళ్లీ చెప్పేవారు. దాంతో ఆ ఆలోచనను వేరొకరు తమదిగా చెప్పుకునే వీలు తగ్గింది. మన ఉదాహరణలో ఆ 19న గదిలో, ‘బ్యాచ్‌ల షీటు తను చేసిందే కదా, తననే అడుగుదాం’ అని ఒక్కరు అని ఉంటే బుధవారం నాలుగింటికి గది బుక్ చేయాల్సిన పనే ఉండేది కాదు.

అప్రైజల్ సమయంలో ఆమె తన ఫారంలో రాసుకునేది కూడా ఇదే కొలతలో ఉండాలి. ‘రిటర్న్స్ సమస్యను పరిష్కరించాను’ అని రాస్తే ఆయన వాటా మింగినట్టు. ‘బ్యాచ్‌ల వారీ తేదీలు పోల్చి ఒక డిపోలో సరుకు పంపే వరుస తప్పని గుర్తించాను, మిగతా డిపోల అంకెలు సహోద్యోగి సమకూర్చారు’ అని రాస్తే, ఆయన ఫారంలో ఏం రాసినా రెండూ పక్కపక్కన పెట్టి చూసిన మేనేజర్‌కు లెక్క సరిపోతుంది.